270 చీరలు ఇంకా అరల్లోనే ఉన్నాయి, వాటి క్యాష్ డిస్కౌంట్ మాత్రం లాభంలో చూపించాను. తప్పేనా?

చౌరస్తా_శ్రావణి

హనుమకొండలో ఒక చీరల షాపులో ఆరేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. ఇన్నేళ్లూ ఎవరూ అడగని ప్రశ్న ఈసారి ఆడిట్‌కు వచ్చిన అమ్మాయి అడిగింది. రెండు రోజులుగా అదే టెన్షన్.

మార్చి 2 నాటి సూరత్ బిల్లు ఒకటి ఉంది. 400 చీరలు, ఒక్కోటి 600, మొత్తం 2,40,000. దాని మీద 5 శాతం ఐజీఎస్టీ 12,000. పదిహేను రోజుల్లోపు కడితే 4 శాతం క్యాష్ డిస్కౌంట్, అదే సీడీ. 8న మూటలు లారీ ఆఫీసుకు వచ్చాయి. లారీ కిరాయి 5,200, హమాలీ, ఆటో కలిపి 800. 15న మా సేటు 9,600 సీడీ కోసుకుని 2,42,400 పంపించారు. ఆ తర్వాత మూటలు విప్పి సర్దుతుంటే 40 చీరలకు అంచు ప్రింటు పక్కకు జరిగి ఉంది. 20న వాటిని తిప్పి పంపాం. ఆ పార్సిల్ ఖర్చు 700 మాదే. మార్చి 31 నాటికి 90 అమ్ముడుపోయి 270 మిగిలాయి.

నేను సీడీ 9,600ను ఆదాయంలో చూపించాను. కిరాయి, హమాలీ 6,000 ఖర్చులో రాశాను. మిగిలిన సరుకును బిల్లు రేటుకే, 270 చీరలు 600 లెక్కన 1,62,000 కట్టాను. ఎప్పుడూ ఇలాగే చేస్తాం.

ఆ అమ్మాయి స్టాక్ లిస్టు చూసి, "మేడమ్, ఈ 270 చీరలు ఇంకా అమ్మలేదు కదా, వీటి మీద డిస్కౌంట్ లాభం అప్పుడే ఎట్లా వచ్చింది?" అంది. నా దగ్గర జవాబు లేదు. గ్రాస్ పద్ధతి, నెట్ పద్ధతి అని ఏదో చెప్పి వెళ్లింది. ఇది చాలదన్నట్టు సూరత్ వాళ్ల ఖాతాకూ మా ఖాతాకూ 960 తేడా వస్తోంది. అది ఎక్కడిదో దొరకడం లేదు.

కాజీపేట_కిరణ్

మీరు రాసిందే కరెక్ట్ మేడమ్. డిగ్రీలో మాకు సూటిగా చెప్పారు. ట్రేడ్ డిస్కౌంట్ బిల్లులోనే తగ్గిపోతుంది, పుస్తకంలో కనిపించదు. క్యాష్ డిస్కౌంట్ అనేది డబ్బు ముందుగా కట్టినందుకు వచ్చే ఆదాయం. చీర ఖరీదుతో దానికి సంబంధం లేదు. కిరాయిని మాత్రం ట్రేడింగ్ అకౌంట్‌లో చూపించాలి.

నర్సంపేట_రెడీమేడ్

మేము బతుకమ్మకు 10 శాతం తగ్గించి అమ్ముతాం. బిల్లులోనే తగ్గింపు చూపిస్తే జీఎస్టీ కూడా తగ్గిన ధర మీదే పడుతుంది. విడిగా రాయొద్దు, ఇబ్బంది అవుతుంది.

చౌరస్తా_శ్రావణి

అన్నా, మీరు చెప్పేది మనం కస్టమర్‌కు ఇచ్చే తగ్గింపు. నా ప్రశ్న మనకు సూరత్ వాళ్లు ఇచ్చిన దాని గురించి.

నర్సంపేట_రెడీమేడ్

అవునా, సరిగ్గా చదవలేదు. అయితే నేనూ వింటా, మా దగ్గర కూడా సీడీ బిల్లులే ఎక్కువ.

పాత_లెడ్జర్

ముందు ఆ 960 సంగతి చూద్దాం, అది దొరికితే మిగతాది సులువవుతుంది. 40 చీరల విలువ 24,000. దానికి 4 శాతం ఎంత? సరిగ్గా 960. మీ సేటు మొత్తం 400 చీరల మీద సీడీ కోసుకున్నారు. తర్వాత 40 తిప్పి పంపారు. ఉంచుకోని సరుకు మీద సీడీ ఏ సప్లయరూ ఇవ్వడు. మీరు రిటర్న్‌ను బిల్లు రేటుకు, 24,000కు జీఎస్టీ 1,200 కలిపి, 25,200 అని రాసి ఉంటారు. వాళ్లు 24,240 అని రాసుకుని ఉంటారు. ఒకసారి చూసి చెప్పండి.

సప్లయర్ ఖాతా తేలనప్పుడు నేను మొదట చేసే పని ఇదే. తేడాను ఆ నెలలో వెళ్లిన రిటర్న్‌లతో భాగించి చూస్తాను. సీడీ శాతంతో సరిపోతే ఇంకెక్కడా వెతకక్కర్లేదు.

చౌరస్తా_శ్రావణి

సార్, అచ్చం అంతే. వాళ్ల స్టేట్‌మెంట్‌లో 25,200 క్రెడిట్ ఇచ్చి, కింద "సీడీ రివర్స్ 960" అని ఒక లైన్ ఉంది. చిన్న అక్షరాల్లో ఉంటే అది వేరే బిల్లుదేమో అనుకున్నాను. రెండు రోజులు ఈ 960 కోసం పాత వోచర్లన్నీ తిరగేశాను.

మట్టెవాడ_బట్టలు

మాకు ఇది ప్రతి సీజన్‌లో జరుగుతుంది. అందుకే మా దగ్గర ఒక పద్ధతి పెట్టుకున్నాం. మూట విప్పి పీసులు చూడకుండా డబ్బు పంపం. పదిహేను రోజుల్లో ఆరు రోజులు దారిలోనే పోతాయి. కాబట్టి మూట దిగిన రోజే విప్పాలి, రేపు చూద్దాం అంటే కుదరదు.

పాత_లెడ్జర్

ఇప్పుడు అసలు ప్రశ్న. కిరణ్ చెప్పింది సగం నిజం. మన పాత పుస్తకాల్లో క్యాష్ డిస్కౌంట్‌ను "డిస్కౌంట్ రిసీవ్డ్" అని ఆదాయం వైపు రాయడం అలవాటే. కానీ రాసే చోటు ఒకటి, సరుకు ఖరీదు ఎంత అన్నది ఇంకొకటి. ఆ చీరకు మీ జేబులోంచి పోయింది 600 కాదు, 576. అరలో ఉన్న చీరను 600 అని చూపిస్తే, మీరు ఇవ్వని 24 రూపాయలు ఆస్తిగా లెక్కలోకి వచ్చాయి. ఆ 24 అటు ఆదాయంలోనూ ఉంది, ఇటు స్టాక్ విలువలోనూ ఉంది. ఆడిట్ అమ్మాయి అడిగింది ఇదే.

కిరాయి దగ్గర దీనికి ఎదురు తప్పు జరిగింది. 400 చీరలకు 6,000 అయ్యింది, అంటే చీరకు 15. ఆ చీర సూరత్‌లో ఉంటే మీకు పనికిరాదు, హనుమకొండ అరలోకి వచ్చాకే అమ్మగలరు. కాబట్టి ఆ 15 చీర ఖరీదులో భాగం. అమ్మని చీర తాలూకు 15 ఈ ఏడాది ఖర్చు కాదు, స్టాక్‌తో పాటు వచ్చే ఏడాదికి వెళ్లాలి.

అంటే అరలో ఉన్న ఒక్కో చీర ఖరీదు 576, 15 కలిపి 591. 270 చీరలకు 1,59,570. మీరు చూపింది 1,62,000. తేడా 2,430.

ఈ 2,430 చూసి చిన్న మొత్తమే కదా అనుకోవద్దు. డిస్కౌంట్ వల్ల స్టాక్ 6,480 పెరిగింది, కిరాయి వదిలేయడం వల్ల 4,050 తగ్గింది. రెండు తప్పులు ఒకదాన్నొకటి కప్పుకోవడం వల్ల చిన్నదిగా కనిపిస్తోంది. కిరాయి తక్కువ, సీడీ ఎక్కువ ఉన్న ఏడాదిలో ఇదే పద్ధతి వేరే లెక్క చూపిస్తుంది.

కాజీపేట_కిరణ్

సార్, కానీ కిరాయి ట్రేడింగ్ అకౌంట్‌లోకి వెళ్తుంది కదా. అక్కడ గ్రాస్ ప్రాఫిట్‌లో తగ్గిపోతుంది. మళ్లీ స్టాక్‌లో కలపడం ఎందుకు?

పాత_లెడ్జర్

ట్రేడింగ్ అకౌంట్‌లో ఎడమవైపు 6,000 రాశావు, సరే. కుడివైపు క్లోజింగ్ స్టాక్‌లో మిగిలిన చీరల వంతు రాయకపోతే, మొత్తం 6,000 అమ్మిన 90 చీరల మీదే పడింది. ఒక్కో చీరకు దాదాపు 67 రూపాయల కిరాయి! ఆ లెక్క చూసి సేటు ఈ రకం చీరలో లాభం లేదు, ఆపేయండి అంటే ఏం చెప్తావు?

కాజీపేట_కిరణ్

ఇట్లా ఆలోచించలేదు సార్. పరీక్షలో క్లోజింగ్ స్టాక్ ఎంతో ప్రశ్నలోనే ఇచ్చేస్తారు, అందుకే అది ఎలా వచ్చిందో అడగాల్సిన అవసరం రాలేదు.

మంచిర్యాల_పైపులు

కిరాయి మాట వచ్చింది కాబట్టి నా కేసు చెప్తా. ఒకే లారీలో పైపులు, కుళాయిలు వచ్చాయి. పైపులు లక్షన్నర, కుళాయిలు లక్షన్నర, కిరాయి 12,000. విలువ ప్రకారం పంచితే చెరి 6,000. కానీ లారీ నిండా ఉన్నవి పైపులు. కుళాయిలు డ్రైవర్ సీటు వెనక నాలుగు అట్టపెట్టెల్లో సరిపోయాయి. కుళాయిల మీద 6,000 వేస్తే వాటి ఖరీదు ఊరికే పెరిగి పక్క షాపు కంటే మా రేటు ఎక్కువైంది. పైపులు మాత్రం చవకగా కనిపించి ఎక్కువ తగ్గించి అమ్మాం. ఏడాది చివర చూస్తే పైపుల్లో ఏమీ మిగల్లేదు.

ఇప్పుడు లారీ ఆఫీసు దేన్ని బట్టి కిరాయి తీసుకుంటుందో దాన్ని బట్టే పంచుతున్నాం. బరువుకు తీసుకుంటే బరువు, జాగాకు తీసుకుంటే జాగా.

చౌరస్తా_శ్రావణి

ఈ బిల్లులో అన్నీ ఒకే రకం చీరలు కాబట్టి పీసుకు 15 సరిపోతుంది. కానీ పట్టు, సింథటిక్ కలిసి వచ్చే మూటలు ఉన్నాయి. వాటికి బరువే తీసుకుంటా. టాలీలో ఇది పెట్టొచ్చా? నేను చేత్తో కాగితం మీద చేస్తున్నాను.

ఆర్టికల్_అనూష

పెట్టొచ్చు అక్కా. పర్చేజ్ వోచర్ టైప్‌లోకి వెళ్లి `Track Additional Costs for Purchases` ను `Yes` చేయండి. లారీ కిరాయి లెడ్జర్‌లో పంచే పద్ధతి అడుగుతుంది, అక్కడ `Appropriate by Qty` లేదా `Appropriate by Value` ఎంచుకోవాలి. తర్వాత సరుకు బిల్లు రాసేటప్పుడే కిరాయి లైన్ కూడా వేస్తే ఐటమ్ ఖరీదులో కలిసిపోతుంది. బరువు ప్రకారం కావాలంటే చీరల యూనిట్ పీసులు కాబట్టి అది నేరుగా రాదు, రకానికో లైన్ వేసుకోవాల్సి వస్తుంది.

మా ఆఫీసులో ఎక్కువగా చూసే తప్పు ఏంటంటే, కిరాయి బిల్లు పది రోజుల తర్వాత వస్తుంది, దాన్ని విడిగా పేమెంట్ వోచర్‌లో ఖర్చు కింద రాసేస్తారు. ఇక అది స్టాక్‌లోకి ఎప్పటికీ చేరదు. స్టాక్ రిపోర్టులో రేటు, బిల్లు రేటు రూపాయి తేడా లేకుండా ఒకటే ఉంటే కిరాయి కలవలేదని అర్థం.

చౌరస్తా_శ్రావణి

మా రిపోర్టులో అన్నీ బిల్లు రేట్లే ఉన్నాయి.

ఇంకొకటి. జీఎస్టీ 12,000 చీర ఖరీదులో కలపాలా వద్దా? సీడీ తీసుకున్నందుకు క్రెడిట్ ఏమైనా తిప్పాలా?

ఆర్టికల్_అనూష

తిరిగి వచ్చే పన్ను ఖరీదు కాదు. 12,000 ఇన్‌పుట్ క్రెడిట్‌గా వస్తోంది కాబట్టి చీరలో కలపొద్దు. 40 చీరల రిటర్న్‌కు వాళ్ల క్రెడిట్ నోట్‌లో 1,200 జీఎస్టీ ఉంటుంది, అంత క్రెడిట్ తిప్పాలి. సీడీకి సాధారణంగా జీఎస్టీ లేని ఫైనాన్షియల్ క్రెడిట్ నోట్ ఇస్తారు. అది ఇచ్చిన వాళ్ల పన్నును తగ్గించదు కాబట్టి మనం కూడా ఏమీ తిప్పక్కర్లేదు. 2025 సెప్టెంబర్ 12 నాటి 251వ నంబర్ సర్క్యులర్‌లో ఈ మాట స్పష్టంగా ఉంది. మీ దగ్గరున్న క్రెడిట్ నోట్‌లో పన్ను లైన్ ఉందో లేదో మాత్రం చూడండి, ఉంటే కథ మారుతుంది.

లారీ ఆఫీసు తన బిల్లులో పన్ను వేయకపోతే, 5,200 మీద 5 శాతం, అంటే 260 రివర్స్ చార్జ్ కింద మీరే కట్టాలి. అదీ క్రెడిట్‌గా తిరిగొస్తుంది, కాబట్టి ఖరీదులోకి రాదు.

జగిత్యాల_కిరాణం

మాది కాంపోజిషన్. మాకు క్రెడిట్ రాదు. మరి మాకెట్లా?

ఆర్టికల్_అనూష

మీకు ఆ పన్ను తిరిగి రాదు కాబట్టి అదీ సరుకు ఖరీదే. 50,000 బిల్లు మీద 2,500 పన్ను ఉంటే మీ సరుకు 52,500, దానికి కిరాయి అదనం. కిరాయి మీద రివర్స్ చార్జ్ కడితే అదీ కలపాలి. ఒకే సరుకు ఒకే రేటుకు కొన్నా, మీ ఖరీదూ శ్రావణి అక్క ఖరీదూ ఒకటి కావు.

జగిత్యాల_కిరాణం

పదేళ్లుగా బిల్లులో పైన ఉన్న రేటు చూసి మార్జిన్ వేసుకుంటున్నా. రాత్రికి కూర్చుని మొత్తం మళ్లీ చూడాలి.

మట్టెవాడ_బట్టలు

గ్రాస్, నెట్ గురించి ఎవరూ పూర్తిగా చెప్పలేదు. నేను నెట్ వాడతాను, అందుకే చెప్తున్నా. నేను అకౌంటెంట్‌ను కాదు, షాపు ఓనర్‌ను.

బిల్లు వచ్చిన రోజే సీడీ తీసేసి రాస్తాను. శ్రావణి బిల్లయితే సరుకు 2,30,400, ఐజీఎస్టీ 12,000, సప్లయర్‌కు ఇవ్వాల్సింది 2,42,400. పదిహేను రోజుల్లో కట్టానా, ఇంకో ఎంట్రీ అక్కర్లేదు. కట్టలేకపోయానా, 9,600 ఎక్కువ ఇవ్వాలి. అది "పోగొట్టుకున్న డిస్కౌంట్" అనే ఖాతాలో పడుతుంది. చీర ఖరీదు 576గానే ఉంటుంది. నేను ఆలస్యం చేసినంత మాత్రాన చీర గొప్పదైపోదు కదా.

నెల చివర ఆ ఖాతా చూస్తాను. 4 శాతం వదిలేసి ఇంకో 45 రోజులు గడువు వాడుకుంటే 96 రూపాయలకు 4 రూపాయల వడ్డీ. నెలకు నూటికి రెండు రూపాయల డెబ్బై ఎనిమిది పైసలు పడుతుంది. మా బ్యాంకు సీసీ వడ్డీ నూటికి రూపాయి లోపే. సీసీలో తీసి కట్టినా లాభమే. గ్రాస్‌లో రాసినన్నాళ్లూ ఈ సంగతి నాకు కనిపించలేదు. వచ్చిన డిస్కౌంట్ కనిపించేది, సంతోషపడేవాడిని. రానిది ఎక్కడా కనిపించేది కాదు, 600 రేటులో కలిసిపోయేది.

పాత_లెడ్జర్

అన్న చెప్పిందాంట్లో అసలు విషయం ఉంది. రెండు పద్ధతుల తేడా తీసుకున్న డిస్కౌంట్ దగ్గర కాదు, తీసుకోని దాని దగ్గర. గ్రాస్‌లో పోయిన డిస్కౌంట్ సరుకు ఖరీదులో దాక్కుంటుంది. నెట్‌లో విడిగా బయటపడుతుంది.

శ్రావణికి ఇంకో మాట. నెట్‌లో రాసి ఉంటే 40 చీరల రిటర్న్‌ను కూడా 576 లెక్కన రాసేవారు. అంటే 23,040కి జీఎస్టీ 1,200 కలిపి 24,240. సూరత్ వాళ్ల లెక్క కూడా అదే. మీ 960 తేడా పుట్టేదే కాదు.

అలాగని గ్రాస్ తప్పు అనను. గ్రాస్‌లో రాసినా, వచ్చిన సీడీని ఆదాయంలో పారేయకుండా కొనుగోళ్ల నుంచి తగ్గించి, ఏడాది చివర మిగిలిన సరుకు వంతు స్టాక్‌లోంచి తీసేస్తే చివరికి అదే 591 వస్తుంది. ఆ చివరి అడుగు మనవాళ్లు వేయరు, గొడవంతా అక్కడే.

కాజీపేట_కిరణ్

అయితే రూల్ ఏమంటుంది సార్? ఏఎస్ 2లో ట్రేడ్ డిస్కౌంట్లు, రిబేట్లు, అలాంటి ఇతర మొత్తాలు తగ్గించాలని ఉంది. క్యాష్ డిస్కౌంట్ అన్న మాట లేదు. అందుకే నేను ఇంకా పూర్తిగా ఒప్పుకోవడం లేదు. ముందు కడితే వచ్చేది వడ్డీ లాంటిదే కదా. మట్టెవాడ అన్న కూడా దాన్ని వడ్డీతోనే పోల్చారు.

పాత_లెడ్జర్

మంచి పాయింట్. ఆ "అలాంటి ఇతర" అన్న మాట మీదే వాదనంతా. అంతర్జాతీయ ప్రమాణం ఐఏఎస్ 2 విషయంలో ఇదే ప్రశ్న వస్తే, 2004 నవంబర్‌లో వాళ్ల వ్యాఖ్యాన కమిటీ క్యాష్ డిస్కౌంట్ కూడా సరుకు ఖరీదులోంచి తగ్గించాల్సిందే అంది. మన ఇండ్ ఏఎస్ 2 దాని నుంచే వచ్చింది, కాబట్టి పెద్ద కంపెనీలకు అనుమానం లేదు. చిన్న షాపులకు పాత ఏఎస్ 2 మాటే ఉంది, ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్ల ఐసీడీఎస్ 2లోనూ దాదాపు అవే మాటలు. అక్కడ వడ్డీ లాంటిదే అని వాదించేవాళ్లు ఉన్నారు, ఉంటారు.

కానీ ఒకటి ఆలోచించు. వడ్డీ అంటే నువ్వు అప్పిచ్చినప్పుడు వచ్చేది. ఇక్కడ నువ్వు ఎవరికీ అప్పు ఇవ్వలేదు, నీ బాకీ తీర్చావు. కొనడం వల్ల ఆదాయం పుట్టదు, అమ్మితేనే పుడుతుంది. మట్టెవాడ అన్న వడ్డీతో పోల్చింది కట్టనప్పుడు పోయేదాన్ని, కట్టినప్పుడు వచ్చేదాన్ని కాదు.

కాజీపేట_కిరణ్

కట్టనప్పుడు పోయేది వడ్డీ అయితే, కట్టినప్పుడు మిగిలేది వడ్డీ ఎందుకు కాదో రేపు మా సార్‌ను కూడా అడుగుతా.

పాత_లెడ్జర్

అడుగు, ఏమన్నారో ఇక్కడ రాయి. నాకూ తెలుసుకోవాలని ఉంది.

చౌరస్తా_శ్రావణి

రిటర్న్ పోయిన 40 చీరల కిరాయి సంగతి చెప్పండి. వచ్చేటప్పుడు వాటికీ చీరకు 15 లెక్కన 600 అయ్యింది. ఇప్పుడు చీరలు లేవు, 600 ఎక్కడ పెట్టాలి? మిగిలిన 360 మీద వేయాలా?

ఆర్టికల్_అనూష

నేనైతే 360 మీదే వేస్తాను అక్కా. సూరత్ సరుకులో పదికి ఒకటి చెడిపోవడం మామూలే. 6,000ను 360తో భాగిస్తే 16.67. అప్పుడు చీర 592.67, స్టాక్ 1,60,020. కొనడంలో మామూలుగా అయ్యే నష్టం ఖరీదులో భాగమే కదా.

పాత_లెడ్జర్

నేను ఒప్పుకోను. నేయడంలోనో అద్దకంలోనో పదికి ఒకటి పోతే అది తయారీ నష్టం, మిగిలిన పీసుల మీద పడుతుంది. ఇక్కడ వేరే వాళ్లు తప్పుడు పీసులు పంపారు, అవి వెనక్కి పోయాయి. ఆ 600 వల్ల నీ దగ్గరున్న 360 చీరల్లో ఒక్కటి కూడా ఒక అంగుళం ముందుకు రాలేదు. 600 ఖర్చులో వేసి, తిప్పి పంపిన 700 దాని పక్కనే పెట్టు. రెండూ కలిపి 1,300. ఈ మొత్తం స్టాక్‌లో కలిస్తే ఎవరికీ కనిపించదు, విడిగా ఉంటే సప్లయర్‌ను అడగొచ్చు.

మట్టెవాడ_బట్టలు

నేను అడుగుతాను, ఇస్తారు కూడా. తప్పు వాళ్లదైతే రెండువైపుల కిరాయీ డెబిట్ నోట్‌లో వేస్తాను. ఏజెంట్ ద్వారా మాట్లాడిస్తే రెండుసార్లకు ఒకసారి ఒప్పుకుంటారు.

ఆర్టికల్_అనూష

మా సార్ 360 మీద వేయమంటారు, నేను అదే చేస్తున్నాను. ఏటా ఇంచుమించు అంతే శాతం వెనక్కి పోతుంటే అది ఊహించని ఖర్చు ఎలా అవుతుంది సార్? స్టాక్ విలువలో తేడా 450 మాత్రమే, కానీ మాట కోసం అంటున్నాను.

పాత_లెడ్జర్

మీ సార్ పద్ధతి మీది. ఏటా మార్చకుండా ఒకటే పాటిస్తే నాకు పెద్ద అభ్యంతరం లేదు. నా పుస్తకమైతే మాత్రం 591.

నర్సంపేట_రెడీమేడ్

ఇద్దరి మధ్య 450 రూపాయల గొడవ, ఒక మంచి చీరకు కూడా సరిపోదు. శ్రావణి మేడమ్ ఆ 1,300 సూరత్ నుంచి రాబడితే రెండు పార్టీలకూ చాయ్ పెట్టించాలి.

చౌరస్తా_శ్రావణి

తప్పకుండా అన్నా. ఏజెంట్‌కు పొద్దున్నే ఫోన్ చేశాను, సేటు కూడా మాట్లాడతానన్నారు.

మొత్తం మళ్లీ వేసి చూశాను. నా పాత లెక్కలో అమ్మిన 90 చీరలకు 54,000, కిరాయి 6,000, రిటర్న్ పార్సిల్ 700, అందులోంచి సీడీ 9,600 పోతే మొత్తం భారం 51,100. ఇప్పుడు 90 చీరలు 591 లెక్కన 53,190, రిటర్న్ తాలూకు 600, 700 కలిపి 54,490. ఒక్క బిల్లులోనే లాభం 3,390 ఎక్కువ చూపించాను. అందులో 2,430 స్టాక్ రేటుది, 960 మనకు రాని సీడీది.

పాత_లెడ్జర్

లెక్క సరిపోయింది. ఇప్పుడు మిగతా సీడీ బిల్లులన్నీ ఇలాగే చూడాలి, కానీ అన్నీ అక్కర్లేదు. మార్చి 31న అరల్లో ఉన్న సరుకు ఏ బిల్లులదో వాటినే చూస్తే చాలు. మొత్తం అమ్ముడుపోయిన బిల్లుల్లో సీడీ ఆదాయంలో ఉన్నా, ఖరీదులో ఉన్నా ఆ ఏడాది చివరి లాభం ఒకటే వస్తుంది. గ్రాస్ ప్రాఫిట్ శాతం మాత్రం మారుతుంది.

చౌరస్తా_శ్రావణి

రెండు అనుమానాలు ఉన్నాయి. మార్చి 25 నాటి బిల్లు ఒకటి ఉంది, డబ్బు ఏప్రిల్ 6న కట్టి సీడీ తీసుకున్నాం. 31 నాటి స్టాక్‌లో దాన్ని ఏ రేటుకు కట్టాలి? రెండోది, నిరుటి క్లోజింగ్ స్టాక్ పాత పద్ధతిలో బిల్లు రేటుకు కట్టాం. అదే ఈ ఏడాది ఓపెనింగ్. ఇప్పుడు పద్ధతి మారిస్తే?

కాజీపేట_కిరణ్

31 నాటికి కట్టలేదు కాబట్టి సీడీ ఇంకా మీది కాదు. బిల్లు రేటే.

మట్టెవాడ_బట్టలు

నా పద్ధతిలో అయితే బిల్లు రాసిన రోజే నెట్. ఏప్రిల్‌లో కట్టినా రేటు మారదు.

పాత_లెడ్జర్

మీ షాపు ఏడాదంతా సీడీ వదలకుండా కడుతుంటే, పైగా ఆడిట్ పూర్తయ్యేలోపు ఏప్రిల్ 6న కట్టినట్టు కాగితం చేతిలో ఉంటే, నెట్ రేటుకే కట్టమంటాను. సగం బిల్లులకు మాత్రమే తీసుకునే షాపయితే కిరణ్ మాటకు బలం ఉంది.

ఓపెనింగ్ స్టాక్ సంగతి జాగ్రత్త. ఓపెనింగ్ పాత రేటులో, క్లోజింగ్ కొత్త రేటులో ఉంటే నిరుటి తేడా కూడా ఈ ఏడాది లాభంలోనే పడుతుంది. నిరుటి స్టాక్ లిస్టు తీసి, అందులో సీడీ తీసుకున్న బిల్లులవి ఎన్ని, కిరాయి కలవనివి ఎన్ని చూసి తేడా ఎంతో కట్టండి. పద్ధతి మార్చాం, దానివల్ల లాభం ఇంత మారింది అని లెక్కల కింద నోట్‌లో రాయాలి. మీ ఆడిటర్‌తో ముందే మాట్లాడండి. బ్యాంకుకు నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్‌లో కూడా అదే రేటు ఉండాలి. అక్కడ 600, ఇక్కడ 591 ఉంటే బ్యాంకు వాళ్లు మిమ్మల్నే అడుగుతారు.

చౌరస్తా_శ్రావణి

బ్యాంకు స్టేట్‌మెంట్ నాకు తట్టనే లేదు సార్. మార్చిది ఇప్పటికే పంపేశాం, 600 రేటుతోనే. ముందు దాని సంగతి చూస్తాను. నిరుటి స్టాక్ లిస్టు బైండింగ్ చేసి పై గదిలో ఉంది, ఆదివారం దించి చూస్తా.

ఆర్టికల్_అనూష

అక్కా, లిస్టు దించాక సీడీ బిల్లుల నంబర్లకు పెన్సిల్‌తో టిక్ పెట్టుకోండి, రేట్లు అప్పుడే మార్చొద్దు. మా సార్ నోట్ ఫార్మాట్ ఉంది, కావాలంటే పంపిస్తా. 360 మీద పంచే కాలమ్ కూడా అందులోనే ఉంది.

పాత_లెడ్జర్

ఆ కాలమ్ ఖాళీగా వదిలేయండి.

చౌరస్తా_శ్రావణి

ఏజెంట్ ఇప్పుడే ఫోన్ చేశాడు. రిటర్న్ పార్సిల్ 700 ఇస్తారట, వచ్చినప్పటి 600 మాత్రం ఇవ్వరట. బిల్టీ కాపీ పంపమన్నాడు.